అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో బ్లౌజ్ ఆర్డర్లు: సీజన్‌కే కాదు, నెలనెలా రావాలంటే

ప్రశ్న: మేడమ్, విజయవాడలో 70 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ కూడా చేస్తాను. లైనింగ్ బ్లౌజ్‌కి లైనింగ్‌తో కలిపి 450, మగ్గం వర్క్‌కి కుట్టుకూలి కాకుండా 1200 తీసుకుంటున్నా. శ్రావణంలో నిద్ర ఉండదు, తర్వాత ఖాళీ. తెలిసినవాళ్ళ దగ్గరే 6300 బాకీ ఉండిపోయింది. నెలనెలా ఆర్డర్లు రావాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఒక్క పని చెయ్యండమ్మా, గడియారం చూసుకుంటూ ఒక లైనింగ్ బ్లౌజ్, ఒక మగ్గం బ్లౌజ్ చేసి టైమ్ రాసుకోండి. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం కలిపి ఒక 100 పోయిందనుకుంటే బ్లౌజ్‌కి మీకు మిగిలేది 350, కటింగ్ నుంచి హెమ్మింగ్ దాకా రెండున్నర గంటలు పడితే గంటకి 140. మగ్గానికి జరీ, పూసలు, కుందన్లు కలిపి 350 పోతే మిగిలేది 850, మెడకీ చేతులకీ పది గంటలు కూర్చుంటే గంటకి 85 పడింది. అంటే కళ్ళు పాడుచేసుకుని ఫ్రేమ్ మీద వంగి చేసే పనికే తక్కువ కూలి వస్తోంది. ఆ గంటకి 140 మగ్గానికీ రావాలంటే 350 సామానుకి, 1400 పనికి, మొత్తం 1750 చెప్పాలి. మీ టైమ్ వేరే రావచ్చు, లెక్క మాత్రం ఇలాగే వేసుకోండి.

నెలనెలా ఆదాయం ఇచ్చేది మామూలు లైనింగ్ బ్లౌజే. రోజుకి ఐదు గంటలు, వారానికి ఆరు రోజులు, 30 గంటలు. అందులో 20 గంటలకి ఎనిమిది బ్లౌజులు, మిగతా పది గంటలకి ఒక మగ్గం. నెలకి 32 బ్లౌజులంటే భయపడకండి, మీ 70 ఫ్లాట్లలో ఒక్కో ఇంటి నుంచి రెండు నెలలకి ఒక బ్లౌజ్ వస్తే 35 అవుతాయి. అందరూ మీకే ఇవ్వరు కదా, అందుకే మొదట్లో సగం వచ్చినా మంచిదే, మిగతా టైమ్‌లో ఫాల్, పీకో, ఆల్టరేషన్లు చెయ్యండి. పీకోకి చీర ఇచ్చిన ఆవిడే రేపు ఆ చీర బ్లౌజ్ ముక్క కూడా ఇస్తుంది, నేను చూసిన ఇళ్ళల్లో ఎక్కువగా అలాగే మొదలైంది.

గ్రూప్‌లో రోజూ పెట్టకండి, అడ్మిన్‌ని అడిగి వారానికి ఒక్కసారి, అదే రోజు, ఒక్కటే ఫొటో పెట్టండి. కిటికీ వెలుతురులో తీసిన ఫొటో అయితే రంగు సరిగ్గా కనిపిస్తుంది. కింద రేటు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఈ వారం ఇంకా ఎన్ని తీసుకోగలరు, ఈ మూడూ రాయండి. రేటు పర్సనల్‌గా అడగండి అని పెడితే అడిగేవాళ్ళు తగ్గిపోతారు, పైగా ఒకరికి ఒక రేటు ఇంకొకరికి ఇంకో రేటు అని లిఫ్ట్‌లో మాట వస్తుంది. మిగతా ఫొటోలు మీ స్టేటస్‌లో పెట్టుకోండి.

ఇక సీజన్ సంగతి. ఆషాఢం డిస్కౌంట్లలో చీరలు కొనేస్తారు, బ్లౌజ్ మాత్రం వరలక్ష్మీ వ్రతం వారం ముందు గుర్తొస్తుంది. నాకు తెలిసిన ఒకావిడ అలా 14 తీసుకుని ఐదు టైమ్‌కి ఇవ్వలేకపోయింది, ఆ ఐదుగురూ తర్వాత మళ్ళీ రాలేదు. అందుకే ఆషాఢం మొదట్లోనే బుకింగ్ పెట్టండి, వ్రతానికి పది రోజుల ముందు తేదీ చెప్పి ఆపేయండి. తర్వాత వచ్చే భాద్రపదంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి అప్పుడు దసరాకి, కార్తీకం పెళ్ళిళ్ళకి మగ్గం మొదలుపెట్టించండి, ఆ నెలలో ఇచ్చినవాళ్ళకి ఫాల్ ఉచితంగా కుట్టిపెట్టినా నష్టం లేదు.

ప్రతి ముక్కకీ ఆది జాకెట్టుతో పాటు పేరు, ఫ్లాట్ నంబర్, ఇచ్చే తేదీ, అడ్వాన్స్ రాసిన చీటీ పిన్ను పెట్టండి. లైనింగ్ తడిపి ఆరేశాకే కత్తిరించండి, లేకపోతే మొదటి ఉతుకులో ముడుచుకుపోయి బ్లౌజ్ వెనక్కి వస్తుంది, ఆ సరిచేసే గంటకి ఎవరూ డబ్బివ్వరు.

అడ్వాన్స్ మాత్రం మగ్గానికి సగం తీసుకోకుండా ఫ్రేమ్‌కి గుడ్డ బిగించొద్దు. 1750కి 900 వస్తే 350 సామానుకి పోతుంది, మిగతాది పని అయ్యేదాకా మీది కాదు, అందుకని ఈ డబ్బులకి ఇంటి ఖర్చుల ఖాతా కాకుండా వేరే సేవింగ్స్ ఖాతా పెట్టుకుని, క్యూఆర్ కోడ్ దానికే లింక్ చేయించండి.

ఆ 6300 గురించి గ్రూప్‌లో రాయకండి, ఎవరికి వాళ్ళకి విడిగా, ఏ తేదీన ఏ చీర బ్లౌజ్, ఎంత ఉంది అని ఫొటోతో సహా మెసేజ్ పెట్టండి. చాలామంది మర్చిపోయి ఉంటారు. అయినా ఇవ్వనివాళ్ళు తర్వాతి బ్లౌజ్ తెచ్చినప్పుడు, "అక్కా, పాతది 800 ఉంది, అది వేస్తే ఇది ఇవాళే కటింగ్‌కి పెడతా" అనండి.