తమ్ముడి ఖాతాలోకి వద్దు, నేరుగా మీ ఎన్ఆర్ఓ ఖాతాలోకే

ప్రశ్న: సర్, నేను అమెరికా సిటిజన్‌ని, డల్లాస్‌లో ఉంటాను. నాన్నగారు 2024 ఆగస్టులో పోయారు. విజయవాడ ఇంట్లో నాకు, తమ్ముడికి చెరి సగం. 1.80 కోట్లకు బేరం కుదిరింది. మొత్తం తన ఖాతాలో వేయించుకుని, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల లిమిట్‌లో నాకు పంపుతానంటున్నాడు తమ్ముడు. పంపించుకోవచ్చా?

జవాబు: వద్దండీ. తమ్ముడు చెప్పిన రెండున్నర లక్షల డాలర్ల లిమిట్ ఇండియాలో ఉండేవాళ్లు తమ సొంత డబ్బు బయటికి పంపుకోవడానికి. అలా పంపితే మీ వాటా కాస్తా కాగితాల మీద ఆయన మీకిచ్చిన బహుమతి అయిపోతుంది. పైగా ఏడాదికి 10 లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. మీ 90 లక్షలూ ఒకేసారి పంపితే అది 16 లక్షలు. రిటర్న్ వేశాక ఆయనకు తిరిగి వస్తుంది కానీ అప్పటిదాకా ఇరుక్కుపోయినట్టే.

మీకున్న దారి వేరు. విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో వచ్చే డబ్బును రూపాయల్లో ఉంచుకునే ఎన్ఆర్ఓ ఖాతా మీ పేరున తెరవండి. వారసత్వంగా వచ్చిన ఆస్తి అమ్మిన డబ్బును ఆ ఖాతా నుంచి ఏప్రిల్-మార్చి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు రిజర్వ్ బ్యాంకు అనుమతి అడగకుండానే పంపుకోవచ్చు, దీనికి టీసీఎస్ ఉండదు. మీ వాటా సుమారు లక్ష డాలర్లే కాబట్టి లిమిట్ మీకు అడ్డే కాదు, అడ్డు పడేవి కాగితాలు.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన విషయంలో డబ్బు ఎన్ఆర్ఓలో పడ్డాక నాలుగు నెలలు కదల్లేదు. సేల్ డీడ్‌లో డబ్బు ముట్టినట్టు రాసే పేరాలో అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే చెక్కు అని ఉంది, బ్యాంకు ఆఫీసరు ముందు చదివింది ఆ పేరానే. అందుకని మీ 90 లక్షలకు వేరే చెక్కు లేదా ఆర్టీజీఎస్ నంబరు, మీ ఎన్ఆర్ఓ ఖాతా నంబరు ఆ పేరాలో విడిగా రాయించండి. దానికి తోడు నాన్నగారి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీలునామా ఉంటే అది, ఇంటి లింక్ డాక్యుమెంట్లు సిద్ధంగా పెట్టుకోవాలి. పన్ను సంగతి తేలిందని సీఏ ఇచ్చే, 15సీబీగా పేరుపడ్డ సర్టిఫికెట్, దాని మీద మీరు ఆన్‌లైన్‌లో వేసే, 15సీఏగా పేరుపడ్డ డిక్లరేషన్ బ్యాంకు అడుగుతుంది.

ఇక పన్ను. నాన్నగారు ఎప్పుడు కొన్నారో మీరు రాయలేదు, 2001కి ముందే కొన్నారనుకుందాం. అప్పుడు 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, కాకపోతే ఆనాటి రిజిస్ట్రేషన్ శాఖ విలువను మించకూడదు. మీ సగానికి అది 6 లక్షలు అనుకుంటే లాభం 84 లక్షలు. దాని మీద 12.5 శాతం పన్ను, 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్ కలిపి దాదాపు 12 లక్షలు అవుతుంది. తమ్ముడి లెక్క చూసి మీది వేసుకోకండి, ఇండియాలో ఉండేవాళ్లకు ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచుకునే ఇండెక్సేషన్‌తో 20 శాతం అనే ఇంకో దారి ఉంది, మీకు లేదు. కొనేవాళ్లు తమ్ముడి వాటాకు పట్టుకున్నట్టే మీకూ 1 శాతం టీడీఎస్ పట్టుకుంటే సరిపోదు, మీరు ఎన్ఆర్ఐ అని అగ్రిమెంట్‌లోనే రాయించండి. మొత్తం 90 లక్షల మీద కాకుండా లాభం మీదే పట్టుకోవాలంటే రిజిస్ట్రేషన్‌కు ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు అప్లై చేయాలి. వారాలు పడుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ తేదీని దాన్ని బట్టి పెట్టుకోండి.

అమెరికా లెక్క దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మీ కొన్న ధర అంటే నాన్నగారు పోయిన రోజున ఇంటి విలువ. ఆ రోజున మీ సగం 85 లక్షలు ఉంటే అక్కడ లాభం 5 లక్షలే, దాని మీద పన్నూ తక్కువే. అందువల్ల ఇక్కడ కట్టిన 12 లక్షలకు అక్కడి పన్నులోంచి తగ్గించుకోవడానికి దొరికే క్రెడిట్ చాలా చిన్నది, మిగిలింది తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లినా వాడుకునే ఆదాయం ఉండాలి కదా. ఇక్కడి పన్నును ఇక్కడే తగ్గించుకోవాలని, 2001 నాటి విలువకు రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు తప్పకుండా తీసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

చాలామంది డబ్బు అమెరికా చేరాకే అక్కడ చెప్పాలనుకుంటారు. అది తప్పు. అక్కడ నివసించని, సిటిజన్ కాని వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి వారసత్వం వస్తే, అది ఇల్లయినా సరే, వచ్చిన సంవత్సరానికే Form 3520 వేయాలి. పన్ను ఉండదు, కానీ వేయకపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా పడవచ్చు. ఆగస్టు 2024 నాటి రేటుకు 85 లక్షలు లక్ష డాలర్లకు కాస్త పైనే, నాన్నగారి డిపాజిట్లలో మీ వాటా కూడా కలపాలి. ఇంకా వేయకపోతే ఆలస్యానికి కారణం రాసి ఇప్పుడైనా వేయండి, ఐఆర్ఎస్ నోటీసు వచ్చేదాకా ఆగకండి. ఎన్ఆర్ఓలో డబ్బు పడిన ఏడాదికి, విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే FBAR కూడా ఉంటుంది, వారంలోనే డల్లాస్ పంపేసినా సరే, ఎందుకంటే అక్కడ చూసేది ఏడాది చివరి బ్యాలెన్స్ కాదు, ఆ ఏడాదిలో ఖాతాలో ఎప్పుడైనా ఉన్న అత్యధిక మొత్తం.