మీ ఊరి సూర్యుడిని బట్టి రాహుకాలం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

లండన్‌లో కొత్త ఇల్లు కొనుక్కున్నామని, జూన్ చివరి శుక్రవారం పాలు పొంగించుకుంటామని రాశావు. చాలా సంతోషం. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు వరకు కాబట్టి పన్నెండుంబావుకు మొదలుపెడతామన్నావు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు మనసు ఆగింది. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు చెప్పిన పదిన్నర–పన్నెండు మన క్యాలెండర్ల మీద అచ్చు వేసే పట్టికలోది. సూర్యోదయం సరిగ్గా ఆరింటికి, అస్తమయం సరిగ్గా ఆరింటికి అనుకుని వేసిన లెక్క అది. పన్నెండు గంటల పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి గంటన్నర వస్తుంది. అలాంటి పగలు మన దగ్గరే ఏడాదిలో ఏ కొద్ది రోజులో ఉంటుంది. జూన్‌లో లండన్‌లో అయితే పగలు పదహారున్నర గంటలు దాటుతుంది. అక్కడ ఆ పట్టిక పనికిరాదు.

అసలు లెక్క ఇది. నువ్వున్న ఊళ్ళో ఆ రోజు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎన్ని నిమిషాలో చూసి, దాన్ని ఎనిమిదితో భాగించు. వచ్చింది ఒక భాగం. ఏ వారం ఎన్నో భాగం రాహువుదో గుర్తుపెట్టుకోవడానికి మా నాన్నగారు నాకు ఒక వరుస నేర్పారు: సో, శ, శు, బు, గు, మం, ఆ. అంటే సోమ, శని, శుక్ర, బుధ, గురు, మంగళ, ఆది. లెక్క రెండో భాగం నుంచి మొదలవుతుంది. సోమవారం రెండోది, శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, అలా ఆదివారం ఎనిమిదోది, అంటే పగటిలో చివరిది. మొదటి భాగం ఏ వారంలోనూ రాహువుది కాదు. అందుకే తెల్లవారుతూనే మొదలుపెట్టే పనికి రాహుకాలం అడ్డు రాదని పెద్దలు అంటారు.

ఇక నీ శుక్రవారం సంగతి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకో. ఆ రోజుల్లో లండన్‌లో సూర్యోదయం ఉదయం 4:45 ప్రాంతంలో, అస్తమయం రాత్రి 9:21 ప్రాంతంలో అవుతుంది. మధ్యలో 16 గంటల 36 నిమిషాలు, అంటే 996 నిమిషాలు. ఎనిమిదితో భాగిస్తే 124న్నర నిమిషాలు, రెండు గంటల మీద నాలుగున్నర నిమిషాలన్నమాట. శుక్రవారం నాలుగో భాగం కాబట్టి దాని ముందు మూడు భాగాలు గడవాలి. మూడు భాగాలంటే 373న్నర నిమిషాలు, ఆరు గంటల పదమూడున్నర నిమిషాలు. 4:45కి కలిపితే ఉదయం 10:58 దాటాక రాహుకాలం మొదలవుతుంది. ఇంకో భాగం కలిపితే మధ్యాహ్నం 1:03కి ముగుస్తుంది. నువ్వు అనుకున్న పన్నెండుంబావు దాని నడిమధ్యన పడుతోంది. నువ్వు వదిలేసిన పదిన్నర మాత్రం హాయిగా బయట ఉంది.

లెక్క సరిపోయిందో లేదో చూసుకునే దారి కూడా ఒకటి ఉంది. నాలుగు భాగాలు గడిస్తే సగం పగలు గడిచినట్టే కదా. కాబట్టి శుక్రవారం రాహుకాలం సరిగ్గా సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ముగియాలి, బుధవారం రాహుకాలం అక్కడే మొదలవ్వాలి. 4:45కి, 21:21కి మధ్య బిందువు 13:03. మన లెక్కకు సరిపోయింది. ఆదివారానికైతే ముగింపు అస్తమయంతో కలవాలి. ఇవి కలవకపోతే ఎక్కడో కూడిక తప్పిందన్నమాట.

ఎక్కువమంది తప్పేది భాగహారం దగ్గర. హైదరాబాదులో జూన్ చివర పగలు 13 గంటల 10 నిమిషాలు ఉంటుంది. దాన్ని క్యాలిక్యులేటర్‌లో 13.10 అని కొట్టి ఎనిమిదితో భాగిస్తే 1.6375 వస్తుంది. దాన్ని గంటా అరవైమూడు నిమిషాలని చదివేవాళ్ళను చూశాను. గంటకు అరవై నిమిషాలే కదా, చుక్క తర్వాత వచ్చేవి నిమిషాలు కావు. ముందే అంతా నిమిషాల్లోకి మార్చుకో. 790ని ఎనిమిదితో భాగిస్తే 98 ముప్పావు, అంటే గంటా ముప్పైతొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ.

ఆ హైదరాబాదు లెక్క నేను ఊరికే చెప్పడం లేదు. మీ అత్తయ్య తమ్ముడు దుకాణం తెరిచిన రోజు కూడా జూన్‌లో ఒక శుక్రవారమే. పట్టిక చూసి, పన్నెండు దాటింది కదా అని పన్నెండూ అయిదుకు కొబ్బరికాయ కొట్టించాను. ఇంటికొచ్చి లెక్క కడితే ఆ రోజు ఉదయం 5:43కి సూర్యోదయం, సాయంత్రం 6:53కి అస్తమయం. రాహుకాలం 10:39 నుంచి 12:18 దాకా ఉంది. పదమూడు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మన గడియారం కాకినాడ దగ్గరగా వెళ్ళే రేఖాంశానిది. హైదరాబాదు దానికి పడమర ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం పావుగంట ఆలస్యమవుతుంది. విశాఖపట్నానికీ హైదరాబాదుకూ దాదాపు ఇరవై నిమిషాల తేడా ఉంటుంది. ఏ పంచాంగం తీసినా అది ఏ ఊరికి గుణించినదో ముందు చూడు.

మీ ఆయన అన్నట్టు ఇండియా రాహుకాలాన్ని నాలుగున్నర గంటలు వెనక్కి జరిపి లండన్ టైములోకి మార్చడం అసలే వద్దు. అలా చేస్తే హైదరాబాదు సూర్యుడి లెక్కను లండన్ ఇంటికి వాడినట్టవుతుంది. వేసవిలో మీరు గడియారం గంట ముందుకు జరుపుతారు కదా, దానికోసం మళ్ళీ గంట కలపనూ వద్దు. ఫోనులో వాతావరణం చూపించే చోట ఉండే సూర్యోదయ, అస్తమయాలు ఆ జరిపిన గడియారం ప్రకారమే ఉంటాయి.

చలికాలంలో తేడా ఇంకోవైపు ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో లండన్‌లో ఉదయం 8:04కి తెల్లవారి, 3:53కే పొద్దుగూకుతుంది. 469 నిమిషాల పగటిలో ఒక భాగం గంట కూడా నిండదు. సోమవారం రాహుకాలం 9:03 నుంచి 10:01 దాకా. పట్టికలో సోమవారానికి 7:30 అని ఉంటుంది, ఆ వేళకు అక్కడ ఇంకా సూర్యుడే రాడు.

సూర్యోదయాన్ని కొందరు సూర్యబింబం అంచు కనబడగానే లెక్కిస్తారు, కొందరు బింబం సగం పైకి వచ్చాక లెక్కిస్తారు. అందువల్ల రెండు పంచాంగాల మధ్య కొద్ది నిమిషాల తేడా ఉంటే కంగారు పడకు. అటూ ఇటూ అయిదేసి నిమిషాలు వదిలేయి. మొదలుపెట్టేటప్పుడే రాహుకాలం చూస్తాం, అప్పటికే మొదలైన పని సాగుతుండగా అది వస్తే ఆపనక్కర్లేదు.

దుర్ముహూర్తం, వర్జ్యం వేరే సంగతులు. దుర్ముహూర్తం పగటిని పదిహేను భాగాలు చేసి వారాన్ని బట్టి చూసేది, వర్జ్యం ఆనాటి నక్షత్రాన్ని బట్టి వచ్చేది. మన ఇళ్ళలో వాటికే పట్టింపు ఎక్కువ. అవి నువ్వు కట్టలేవు, లండన్‌కు గుణించిన పంచాంగంలో చూడాలి. ఆ రెండూ తప్పితే తొమ్మిదిన్నర నుంచి పదిన్నర లోపల పొయ్యి వెలిగించు. ముందురోజు సాయంత్రం ఆ ఊరి సూర్యోదయం, అస్తమయం చూసి నువ్వే ఒకసారి లెక్క కట్టి, ఆ కాగితం ఫొటో నాకు పంపు. నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య