కుక్క మూతి వాస్తే గంట ఆగొద్దు

చిరంజీవి సుధకు మామయ్య ఆశీస్సులు.

టీకా వేయించిన రోజు సాయంత్రం బ్రూనో మూతి, కళ్ళ చుట్టూ ఉబ్బిపోయాయని, ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర వేస్తే తెల్లారేసరికి తగ్గిందని రాశావు. తగ్గినందుకు సంతోషం. కానీ "ఈసారి వచ్చినా అదే మాత్ర వేస్తే సరిపోతుంది కదా మామయ్యా" అని అడిగావు చూడు, అక్కడ నాకు భయం వేసింది. పశువుల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ ఆలస్యంగా వచ్చిన కుక్కల యజమానుల దగ్గర నేను ఎక్కువగా విన్నది "మాత్ర వేశాం, కాసేపు చూద్దామనుకున్నాం" అనే మాటే. అందుకే వివరంగా రాస్తున్నాను.

తేనెటీగ విషమైనా, టీకా మందైనా ఒంటికి పడకపోతే చర్మంలోనూ పేగుల్లోనూ ఉండే కొన్ని కణాలు ఒక్కసారిగా హిస్టమిన్ లాంటి రసాయనాలను వదులుతాయి. దాంతో సన్న రక్తనాళాలు వదులై నీరు బయటికి ఊరుతుంది. చర్మం వదులుగా ఉండే పెదవులు, కనురెప్పలు, మూతి ముందుగా ఉబ్బుతాయి. ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి. పొట్టి బొచ్చు కుక్కకైతే అవి కంటికే కనిపిస్తాయి. బొచ్చు ఎక్కువున్న కుక్కకు అక్కడక్కడా వెంట్రుకలు కుచ్చులుగా లేచి నిలబడతాయి, అరచేత్తో నిమిరితే గడ్డలు తగులుతాయి. పొట్ట కింద, తొడల లోపలి వైపు ఎర్రబడుతుంది. కుక్క ఊరికే ఉండదు, మూతిని సోఫాకేసి రుద్దుతుంది, ముందుకాళ్ళతో గోక్కుంటుంది.

ఇంతవరకే ఆగితే చాలా కుక్కలు కోలుకుంటాయి. కానీ అది అక్కడితో ఆగుతుందో లేదో మొదటి గంటలో ఎవరమూ చెప్పలేం. మనుషుల్లో ఈ అలర్జీ ముదిరితే ఎక్కువగా ఊపిరి మీద పడుతుంది. కుక్కల్లో ముందు దెబ్బ తగిలేది లివర్‌కీ పేగులకీ. రక్తం అక్కడే నిలిచిపోయి గుండెకు తిరిగి వచ్చేది తగ్గిపోతుంది, బీపీ పడిపోతుంది. అందుకే ప్రమాదం దగ్గరపడిన కుక్క ఆయాసపడకపోవచ్చు. వాంతి చేసుకుంటుంది, విరేచనం అవుతుంది, ఒక్కోసారి అందులో రక్తం పడుతుంది. కాళ్ళు తడబడి కూలబడుతుంది. ఇవన్నీ మూతి ఏమాత్రం వాయకుండానే రావచ్చు.

ఒక డాక్స్‌హుండ్ సంగతి చెబుతాను, దాదాపు ఎనిమిది కిలోలుంటుంది. పొద్దున పదిన్నరకు టీకా వేయించుకుని, ఆ ఇంటివాళ్ళు పక్క హోటల్లో టిఫిన్‌కి కూర్చున్నారు. పావుగంటలో రెండు వాంతులయ్యాయి. "ఎండకేమో" అనుకుంటూనే వెనక్కి తీసుకొచ్చారు. మూతి మామూలుగానే ఉంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, తొడ లోపల నాడి సరిగా అందలేదు. వెంటనే తొడ కండలోకి అడ్రినలిన్ ఇచ్చాం. కిలోకి 0.01 మిల్లీగ్రాము లెక్కన దానికి పట్టింది 0.08 మిల్లీగ్రాము మాత్రమే. ఆ వెంటనే సెలైన్ ఎక్కించాం. కాసేపటికి చిగుళ్ళలో రంగు తిరిగింది. మూతి ఉబ్బడం, దద్దుర్లు లేవడం ఆ తర్వాతే మొదలైంది. సాయంత్రం విరేచనంలో రక్తం కనిపించింది, రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచి మర్నాడు పంపాం. వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు పడిపోతున్న బీపీని నిలబెట్టేది అడ్రినలినే. సెట్రిజిన్, ఎవిల్ లాంటివి హిస్టమిన్ చేసే పనికి అడ్డుపడతాయి, దురదా వాపూ తగ్గిస్తాయి. పడిపోయిన బీపీని అవి లేపలేవు. పైగా మాత్ర కడుపులో కరిగి పనిచేయడానికి సమయం పడుతుంది. వాంతి చేసుకునే కుక్కకు అసలు లోపల నిలవదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కైనా గంటలు పడుతుంది.

కాబట్టి ఈరోజే ఒక పని నేర్చుకో. బ్రూనో హాయిగా ఉన్నప్పుడు పై పెదవి ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదులు. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపే గులాబీ రంగు తిరిగి రావాలి. దాని మామూలు రంగు నీ కంటికి అలవాటైతే తేడా వచ్చినప్పుడు పట్టుకోగలవు. చిగురు నల్లగా ఉండే కుక్కకైతే కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి.

మూతి వాచినా, దద్దుర్లు లేచినా ముందు డాక్టరుకు ఫోన్ చేసి బయలుదేరు. ఏ టీకా వేశారు, ఎన్ని గంటలకు వేశారు అన్నది చెప్పు. కుక్క చురుగ్గా ఉండి, చిగుళ్ళు బాగుండి, వాంతి లేకపోతే ఆయన బహుశా దారిలోనే మాత్ర వేయమంటారు. ఉత్త సెట్రిజిన్ అయితే కిలోకి సుమారు ఒక మిల్లీగ్రాము. జలుబు మాత్రలు మాత్రం దగ్గరికి రానివ్వకు. వాటిలో కలిసే సూడోఎఫెడ్రిన్, పారాసిటమాల్ కుక్కలకు విషం. వాంతి, విరేచనం, తూలడం, పాలిపోయిన చిగుళ్ళు, గురగురమనే ఊపిరి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్ర కోసం వెతుకుతూ నిలబడకు, కారెక్కు. తగ్గినట్టే కనిపించి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు కనుక ఆ రాత్రంతా ఓ కన్నేసి ఉంచాలి.

మీ దొడ్లో తేనెటీగలు ఉన్నాయన్నావు. కుక్కలు ఎగిరే ఈగను నోటితో పట్టబోతాయి, అందుకే నాలుక మీదో గొంతులోనో కుట్టించుకుంటాయి. అప్పుడు వాపు లోపల ఉంటుంది, బయటికి చొంగ కారడమే కనిపిస్తుంది. పగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది మరీ ప్రమాదం. తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండిపోయి విషం దింపుతూ ఉంటుంది. గోటితో గీకి తీసినా, పట్టుకుని లాగినా ఫర్వాలేదు, ఎంత త్వరగా తీశావన్నదే లెక్క. కందిరీగ ముల్లు వదలదు. తుట్టె కదిలి ఒకేసారి చాలా ఈగలు కుడితే అలర్జీ లేని కుక్కకైనా ఆ విషమే ముప్పు, సూటిగా ఆసుపత్రికే.

ఇంకొకటి, మన వైపు తప్పకుండా గుర్తుండాల్సింది. దొడ్లోంచి వచ్చిన కుక్కకు మూతి ఒకవైపే వాచి, ముట్టుకుంటే నొప్పికి అరుస్తూ, వాపు మెడ వైపు పాకుతూ, చర్మం నల్లబడుతూ, ఎక్కడో రక్తం ఊరుతూ ఉంటే పాము కాటు అనుకోవాలి. రక్తపింజర కాటు ఇలాగే ఉంటుంది. అలర్జీ వాపు చాలావరకు రెండువైపులా వచ్చి దురద పెడుతుంది. అయితే రెండింటిలో ఏదో తేల్చుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు, తేల్చాల్సింది డాక్టరు.

ఇక వచ్చే టీకా. భయపడి మానేయకు, మన దగ్గర రేబీస్ టీకా లేకుండా కుక్కను ఉంచకూడదు. పోయినసారి ఏమైందో డాక్టరుకు చెప్పి కార్డు మీద రాయించు. ఒకేరోజు రెండు మూడు టీకాలు వేయించవద్దు, చిన్న జాతి కుక్కల్లో అలా చేస్తే ముప్పు పెరుగుతుంది. వారాల తేడాతో విడివిడిగా వేయించు. ముందుగా అలర్జీ మందు ఇస్తారు, కానీ అది దురదనూ వాపునూ తగ్గిస్తుందే తప్ప పెద్ద ప్రమాదాన్ని ఆపుతుందన్న భరోసా లేదు. అందుకని టీకా తర్వాత కనీసం గంటసేపు ఆసుపత్రి వరండాలోనే కూర్చో. పనిదినం పొద్దున్నే పెట్టుకో, సాయంత్రం ఆరింటికి వేయిస్తే వాపు మొదలయ్యేసరికి తలుపులు మూసేసి ఉంటాయి. మీ ఊళ్ళో రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని, ఆ నంబరు నీ ఫోన్లోనూ అల్లుడుగారి ఫోన్లోనూ పెట్టించు.

మీ మామయ్య