మీ అక్క రాజీనామా లేఖ గురించి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. మీ అక్క రాసుకున్న రాజీనామా లేఖ, దానికి నువ్వు దిద్దిన ప్రతి రెండూ చదివాను. అక్క లేఖలో తప్పులున్నా విషయం ఉంది. నీ ప్రతిలో తప్పులు తగ్గాయి కానీ రాజీనామా కనిపించడం లేదు.

నీ మొదటి వాక్యమే చూడు: ‘ఉన్నత చదువుల నిమిత్తం వెళ్లదలచుకున్నాను కనుక దయతో అనుమతించగలరు.’ చదివినవాళ్లకు ఇది సెలవు అర్జీలా ఉంటుంది. ‘దలచుకున్నాను’ అంటే ఇంకా ఆలోచనలో ఉన్నట్టే. చాలా ఏళ్ల క్రితం మా వీధిలో ఒక నర్సమ్మకు నేనే ఇలా వినయం ఒలకబోస్తూ రాసిచ్చాను. ఆసుపత్రివాళ్లు దాన్ని విన్నపంగా పక్కన పెట్టి, మూడు వారాల తర్వాత ఆమె మళ్లీ సూటిగా రాసిస్తే ఆ రోజు నుంచి నోటీసు లెక్కపెట్టారు. కాలేజీలో చేరాల్సిన తేదీకి ఆమె ఇంకా నైట్ డ్యూటీలోనే ఉంది. తప్పు వాళ్లదని అప్పట్లో తిట్టుకున్నాను. నా వాక్యంలోనూ ఉందని తర్వాత తెలిసింది. ‘రాజీనామా చేస్తున్నాను’ అని రాస్తే మర్యాద ఏమీ తగ్గదు.

‘అనుమతించగలరు’ సంగతి వేరే చెప్పాలి. ‘గలరు’ అంటే చేసే శక్తి ఉందని. సూపరింటెండెంట్ గారికి అనుమతించే శక్తి ఉందని మనం చెప్పాలా? ఆఫీసు కాగితాల్లో ఈ వాడుక పాతుకుపోయింది కానీ, అడగాల్సినచోట ‘ఇవ్వవలసిందిగా కోరుతున్నాను’ అనడమే తెలుగు.

అక్క రాసిన ‘నాకు సీటు వచ్చి రాజీనామా చేస్తున్నాను’ను నువ్వు అలాగే వదిలేశావు. వచ్చింది సీటు, రాజీనామా చేసేది అక్క. ఇద్దరు కర్తలను ‘వచ్చి’తో ముడివేస్తే అతకదు. ‘వచ్చినందువల్ల’ అంటే సరిపోతుంది. ‘మీ యొక్క ఆసుపత్రి యందు నాచే సేవలు అందించబడినవి’ అన్నది మాత్రం పూర్తిగా నీ సొంతం. ‘మన ఆసుపత్రిలో పనిచేస్తున్నాను’ అను. రిలీవ్ అయ్యేదాకా అది ఆమెకు ‘మన’ ఆసుపత్రే.

ఇక తేదీలు. ‘నెల రోజుల తర్వాత’ అన్నావు. ఏ రోజు నుంచి? ఆమె నియామక పత్రంలో నోటీసు 30 రోజులని ఉంది. జూన్ 2న లేఖ ఇస్తే, మర్నాటి నుంచి లెక్కపెడితే జూలై 2కు 30 రోజులు నిండుతాయి. ఆ తేదీనే రాయాలి. చేరిన తేదీ కూడా ఉండాలి. ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో చేరాలంటే బీఎస్సీ నర్సింగ్ తర్వాత కనీసం ఏడాది పని అనుభవం చూపించాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. అందుకే ఆమెకు అనుభవ ధ్రువపత్రం కావాలి. లేఖలోని తేదీలు, ఆ పత్రంలోని తేదీలు ఒకదానికొకటి సరిపోవాలి. నీ ప్రతిలో ఆ పత్రం ఊసే లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ మీద మాత్రం నాలుగు వాక్యాలున్నాయి!

నేనైతే ఇలా రాస్తాను:

‘గౌరవనీయులైన నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

విషయం: స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాజీనామా.

2023 మార్చి 6 నుంచి మన ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో నాకు సీటు వచ్చినందువల్ల ఈ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 30 రోజుల నోటీసు ఇస్తున్నాను. 2025 జూలై 2 నా చివరి పనిదినం. ఆలోగా నా బాధ్యతలను మీరు సూచించిన వారికి అప్పగిస్తాను. ఆ రోజు నన్ను రిలీవ్ చేసి, అనుభవ ధ్రువపత్రం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకోవడం నేను ఇక్కడే నేర్చుకున్నాను. అందుకు మీకూ, మన సీనియర్ సిస్టర్లకూ కృతజ్ఞురాలిని.’

వెంటిలేటర్ మాట అక్కదే. తన ప్రతిలో వెనకవైపు పెన్సిల్‌తో రాసి కొట్టేసింది. ‘అమూల్యమైన అనుభవాలు’ అన్న నీ మాటను తీసి దీన్ని పెట్టాను. సిస్టర్లతో పడని సంగతులు, జీతం గొడవలు ఆమె రాయలేదు, నువ్వూ చేర్చలేదు. బాగుంది.

లేఖ రెండు ప్రతులు తీసుకెళ్లమను. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ‘అందినది’ అని తేదీతో సంతకం, ఉంటే ముద్ర కూడా వేయించుకోవాలి. ఇంగ్లిష్‌లోనే ఇమ్మంటే దీన్నే వాక్యానికి వాక్యం మార్చుకోవచ్చు. నైటింగేల్ వాక్యాలు నీ దగ్గరే ఉంచుకో, నీ కథలో నర్సు పాత్ర ఇంకా పలచగానే ఉంది.

నీ బాబాయి