పెద్దమ్మ మెసేజ్ పెద్దమ్మలాగే ఉండనీ

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండూ చదివాను, తనని పెద్దమ్మా అని పిలిచే కుర్రాడిని డబ్బు అడగడానికి ఆ పెద్దావిడ రాసుకున్న మెసేజూ, దాన్ని ఆవిడ కోసం నువ్వు తిరగరాసిందీ. ఆవిడ రాసింది ఇదీ: "ఒరేయ్ చిన్నా ఎలా ఉన్నావు మీ ఆవిడ బాగుందా నేను బానే ఉన్నా మోకాళ్ళు మామూలే, అదేరా ఆ డబ్బు సంగతి తొందరేం లేదు కానీ వచ్చే నెల కళ్ళ ఆపరేషన్ అంటున్నారు, తొందరేం లేదులే నీ వీలు చూసుకో". నువ్వేమో "శస్త్రచికిత్స నిమిత్తం సదరు మొత్తాన్ని చెల్లించగలవని ఆశిస్తున్నాను" అన్నావు. తప్పుల్లేవు, కానీ అది చదివితే ఆ కుర్రాడు ముందు ఫోన్ చేసి పెద్దమ్మా ఇదెవరు రాశారు అని అడుగుతాడు, లేదా ఆవిడకి కోపమొచ్చిందనుకుంటాడు.

డెబ్భై ఏళ్ళావిడంటే గ్రాంథికం మాట్లాడుతుందని ఎందుకనుకున్నావో నాకర్థం కాలేదు, ఆవిడ నోటికి ఆపరేషనే వస్తుంది. వయసు తెలిసేది పెద్దపెద్ద మాటల్లో కాదు, డబ్బు మాట ఎత్తేముందు ఇంటిల్లిపాదినీ పలకరించడంలో, మోకాళ్ళ గురించి ఒక ముక్క అనేసి వదిలేయడంలో, "అదేరా" అని నసగడంలో. ఇవి తప్పులు కావు, వీటిని ముట్టుకోకు. మరి సరిచేయాల్సిందేంటి? "తొందరేం లేదు" రెండుసార్లు వచ్చింది చూడు, అసలు చిక్కంతా అక్కడే, అది చదివినవాడు నిజంగానే తొందర లేదనుకుని ఊరుకుంటాడు. అలాగని పూర్తిగా కొట్టేస్తే ఆవిడ మొహమాటం పోతుంది, ఆ మొహమాటమే ఆవిడ. కాబట్టి దాన్ని ఉంచి, అడిగేదానికి అడ్డు రాకుండా తిప్పాలి.

నేనైతే ఇలా రాస్తా: "ఒరేయ్ చిన్నా, ఎలా ఉన్నావు, మీ ఆవిడ బాగుందా. నేను బానే ఉన్నా, మోకాళ్ళు మామూలే. అదేరా, ఆ డబ్బు సంగతి. వచ్చే నెల కళ్ళ ఆపరేషన్ అంటున్నారు, ఆలోపు అందేలా చూడు. తొందర పెడుతున్నాననుకోకురా."

సగమైనా పంపు అని కలపాలనిపించింది కానీ ఆవిడ అనలేదుగా, అది ఆవిణ్ణి అడిగి తెలుసుకోవాల్సిన విషయం, మనం కల్పించకూడదు. తేదీ కూడా అంతే.

ఇంకోటి, ఈసారి నువ్వు రెండో వైపుకి జారిపోతావేమో, "ఏమిటో నాయనా ఈ కాలం" లాంటివి దూర్చేసి సినిమా బామ్మని చేసేస్తావేమో, అదీ వద్దు. ఆవిడ వాడని ముసలి మాట ఒక్కటి కూడా నీ సొంతంగా వేయకు. కుర్రాళ్ళ మెసేజ్‌లకీ ఇంతే, నెమ్మదస్తుడైన పిల్లాడికి బ్రో అని తగిలిస్తే వాడి ఫ్రెండ్సే నమ్మరు.

డౌటుంటే ఆవిడ ఇంతకుముందు అదే అబ్బాయికి పంపినవి నాలుగు అడిగి చూడు, వేరేవాళ్ళకి పంపినవి కాదు, ఎందుకంటే బ్యాంకు మేనేజరుకి రాసేటప్పుడు ఆవిడే వేరేలా ఉంటుంది. తర్వాత నీది ఆవిడతో పైకి చదివించు. ఎక్కడ ఆగి మళ్ళీ చదువుకుంటే ఆ మాట నీదై ఉంటుంది, తీసేసి ఆవిణ్ణే అడుగు "ఇది మీరైతే ఎలా అంటారమ్మా" అని, ఆవిడ ఏమంటే అదే రాసెయ్.