హాస్టల్లో సామాను పోతే ఊళ్లోని ఇంటి పాలసీలో వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ కోసం హైదరాబాద్‌లో పీజీలో చేరింది. లాప్‌టాప్, ఫోను, మెడలో ఒక గొలుసు ఉన్నాయి. గుంటూరులో మా ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. అందులో సామాన్లకు ఆరు లక్షలు అని రాశారు. పీజీలో దొంగతనం జరిగితే ఈ పాలసీ కింద డబ్బు వస్తుందా?

జవాబు: రాదండి. దానికి రెండు అడ్డంకులు ఉన్నాయి, ఏ ఒక్కటైనా చాలు.

మొదటిది చోటు. ఈ పాలసీలో సామాన్లంటే, పాలసీలో చిరునామా రాసిన ఇంట్లో ఉన్న సామాన్లే. అక్కడి నుంచి మరో చోటికి తీసుకెళ్లిన వస్తువుకు నష్టం జరిగితే చెల్లించబోమని మినహాయింపుల్లో విడిగా కూడా రాసి ఉంటుంది. రెండోది కారణం. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు వంటివాటి కోసం చేసిన పాలసీ ఇది. అలాంటి ఘటన వల్ల, అది జరిగిన ఏడు రోజుల్లోపు దొంగతనం జరిగితేనే చెల్లిస్తారు. మామూలు రోజున దొంగ పడితే, విడిగా దొంగతనం కవరు తీసుకోకపోతే, గుంటూరు ఇంట్లోనే పోయినా రాదు. ఇక ఆ ఆరు లక్షలు మీరు కోరి తీసుకున్నవి కాకపోవచ్చు. భవనానికి పాలసీ చేయిస్తే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సామాన్లకు దానంతట అదే వస్తుంది. మీ ఇంటికి 30 లక్షలకు చేసి ఉంటారు.

మా అబ్బాయి కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం గదికి తాళం వేసి అందరూ కిందికి భోజనానికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి గొళ్లెం వంకర తిరిగి, మరలు ఊడి వేలాడుతోంది. మా వాడి లాప్‌టాప్, ఖమ్మం నుంచి వచ్చిన అతని రూమ్మేటు లాప్‌టాప్ రెండూ పోయాయి. ఒకే గది, ఒకే దొంగతనం. వాళ్లకు డబ్బు వచ్చింది, మాకు రాలేదు. మాది బ్యాంకువాళ్లు గృహరుణంతో పాటు చేయించిన భారత్ గృహ రక్ష. ఆ అబ్బాయి తండ్రిది గృహస్థుల ప్యాకేజీ పాలసీ. అందులో వెంట తీసుకెళ్లే పరికరాల విభాగాన్ని ఆయన అడిగి మరీ చేర్పించుకున్నారు. లాప్‌టాప్ మోడల్, సీరియల్ నంబరు, ధర, దేశంలో ఎక్కడున్నా వర్తిస్తుందన్న మాట, కొడుకు పేరు అన్నీ పాలసీ కాగితంలోనే ఉన్నాయి.

అయినా ఆయనకు పని సులువుగా జరగలేదు. స్టేషన్లో మొదట ‘కనిపించడం లేదు’ అని రాసివ్వమన్నారు. అలా రాసి ఉంటే క్లెయిము అక్కడికక్కడే పోయేది, ఎందుకంటే ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువుకు కంపెనీ చెల్లించదు. ఆయన పట్టుబట్టి, తాళం పగలగొట్టి దొంగిలించారని ఫిర్యాదులో రాయించారు. ఎఫ్ఐఆర్‌లో ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305, తలుపు పగలగొట్టి చొరబడినందుకు 331 రెండు సెక్షన్లూ పడ్డాయి. బలవంతంగా చొరబడిన ఆనవాలు లేకపోతే దొంగతనం కవరు వర్తించదని రాసిన పాలసీలు చాలా ఉన్నాయి. ఆ షరతును ఉన్నది ఉన్నట్టే చదవాలని సుప్రీంకోర్టు కూడా 2004లో చెప్పింది. హాస్టల్ యజమాని సాయంత్రానికల్లా కొత్త గొళ్లెం బిగించేశాడు. పిల్లలు అంతకుముందే ఫోన్లో ఫొటో తీసి ఉంచడం వల్లే సర్వేయరుకు చూపించగలిగారు. ఆ తర్వాత వస్తువు దొరకలేదన్న పోలీసు తుది నివేదిక కోసం నెలల తరబడి తిరిగారు. చివరికి 58 వేలకు కొన్న లాప్‌టాప్‌కు, తరుగుదల, సొంతంగా భరించాల్సిన మొత్తం మినహాయించి, 40 వేల లోపు చేతికి వచ్చింది.

నెట్‌లో వెతికితే తల్లిదండ్రుల పాలసీయే హాస్టల్ గదికీ వర్తిస్తుందని కనిపిస్తుంది. అది అమెరికా సంగతి. అక్కడి సాధారణ ఇంటి పాలసీలో, పూర్తికాలం చదువుకునే, 24 ఏళ్లు నిండని పిల్లల సామాన్లకు కొంత పరిమితితో కవరు ఉంటుంది. డల్లాస్‌లోని బంధువులు నిజమే చెబుతారు కానీ అది మీ పాలసీకి పనికిరాదు.

మీరు కంపెనీకి మెయిల్ రాసి రెండు విషయాలు అడగండి: లాప్‌టాప్‌ను దేశమంతటా వర్తించే పరికరాల విభాగంలో చేర్చుతారా, వేరే చోట ఉండి చదువుకుంటున్న అమ్మాయిని కుటుంబ సభ్యురాలిగా లెక్కిస్తారా. ఫోనులో మాట ఇచ్చినా సరిపోదు, పాలసీ కాగితంలో చేరాలి. తాళం పగలకుండా తీసుకుపోతే వస్తుందా అన్నదీ చదివి చూడండి, ఎందుకంటే ముగ్గురు నలుగురు ఉండే గదిలో తలుపు తీసే ఉంటుంది. గొలుసు సంగతి వేరు. భారత్ గృహ రక్షలో నగలకు విలువ ప్రకటించి విడిగా కవరు తీసుకోవాలి, అయినా చోటు అడ్డంకి అలాగే ఉంటుంది. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.