ఆఫీసు కోపం, ఇంటి గుమ్మం

ప్రశ్న: బెంగళూరులో ఐటీ ఉద్యోగం. ఆఫీసులో పడ్డ మాటల కోపమంతా ఇంటికొచ్చి భార్యాపిల్లల మీద చూపిస్తున్నాను. ఎలా ఆపాలి?

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అయితే అసలు చిక్కు దారిలోనే ఉందని నా అభిప్రాయం. సాయంత్రం రివ్యూ కాల్‌లో మాట పడి, మారతహళ్ళి ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చున్నప్పుడు, "అప్పుడు ఇలా అనాల్సింది" అంటూ మనసు అదే సంభాషణను పదేపదే నడిపిస్తుంది. అందువల్ల చల్లారవలసిన కోపం ఇల్లు చేరేసరికి మళ్ళీ రాజుకొని ఉంటుంది, బాబు పాలగ్లాసు ఒలకబోయడం దానికి సాకు మాత్రమే అవుతుంది.

కాబట్టి గీత ఆఫీసులోనే గీయాలి. లాప్‌టాప్ మూసే ముందు, మిగిలిపోయిన సమస్య ఏమిటో, రేపు దానిపై చేయబోయే మొదటి పని ఏమిటో కాగితం మీద రాయండి. "బిల్డ్ ఎందుకు ఆలస్యమైందో పది గంటలకు లాగ్ చూపించి చెబుతాను" అన్నంత నిర్దిష్టంగా ఉండాలి. "రేపు మాట్లాడాలి" అని మాత్రమే రాస్తే మనసు దాన్ని వదలదు. ఇంట్లో ఆఫీసు చాట్ నోటిఫికేషన్లు ఆపేసి, అత్యవసరమైతే ఫోన్ చేయమని టీముకు ముందే చెప్పండి.

కోపం ఇంకా మిగిలి ఉంటే, "ఈ రోజు ఆఫీసులో మాట పడ్డాను, నీ తప్పేమీ లేదు, పావుగంట ఇవ్వు" అని భార్యతో చెప్పి పక్కకు వెళ్ళండి. ఆ తర్వాత మీ అంతట మీరే వచ్చి కూర్చోవాలి, లేకపోతే అది అలకలా కనిపిస్తుంది.

సెలవు రోజుల్లోనూ ఇలాగే అరుస్తున్నా, చెయ్యి లేస్తున్నా ఈ పద్ధతి చాలదు. నిమ్హాన్స్‌లోనో మరొక చోటో క్లినికల్ సైకాలజిస్టును కలవండి, లేదా ఉచిత సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి.